పీఈ పదిలోపు ఉంటే షేరు చవకేనా?

ప్రశ్న: కొత్తగా డీమ్యాట్ ఖాతా తెరిచాను. దాచుకున్న యాభై వేలతో మొదటిసారి ఏదైనా ఒక కంపెనీ షేర్లు కొందామనుకుంటున్నాను. మా ఆఫీసులో సీనియర్ ఒకాయన "పీఈ పదిలోపు ఉన్నవి కొను, నలభై దాటినవి ముట్టుకోకు" అన్నారు. యాప్‌లో చూస్తే స్టీల్ కంపెనీలకి తక్కువ పీఈ, సబ్బులు షాంపూలు అమ్మే కంపెనీలకి యాభై పైన కనిపిస్తోంది. పీఈ అంటే షేరు ధరని లాభంతో భాగించడం అని తెలుసు. అది చూసి కొంటే సరిపోతుందా? ఎక్కడ దెబ్బతింటాం?

సమాధానం:

మీరు స్టీల్ పేరు ఎత్తారు కాబట్టి మీ సీనియర్ గారి సూత్రాన్ని 2022 మార్చి ఆఖరులో టాటా స్టీల్ మీద పెట్టి చూద్దాం. అన్నీ పాత లెక్కలే, ఇప్పుడు కొనమనో అమ్మమనో చెప్పడానికి కాదు.

2021-22 ఆర్థిక సంవత్సరంలో ఆ కంపెనీ నికర లాభం సుమారు 41,700 కోట్లు. ఒక్కో షేరు వంతుకు వచ్చిన లాభం, అంటే ఈపీఎస్, దాదాపు 332 రూపాయలు. మార్చి ఆఖరున షేరు ధర 1,300 చిల్లర. భాగిస్తే పీఈ నాలుగు కూడా నిండలేదు. మార్చితో ముగిసిన ఏడాది ఫలితాలు మే నెలలో వస్తాయి కాబట్టి ఆ రోజు యాప్‌లో కనిపించిన అంకె కాస్త అటూ ఇటూగా ఉండేది, అయినా నాలుగు చుట్టుపక్కలే. పైగా ఆ ఏటికి షేరుకి 51 రూపాయల డివిడెండ్ కూడా ప్రకటించారు. పదిలోపు కొనాలన్న మనిషికి ఇది దసరా ఆఫర్‌లా కనిపించి ఉంటుంది.

ఆ జులైలో కంపెనీ ఒక షేరుని పది షేర్లుగా విడగొట్టింది. కాబట్టి పోల్చుకోవడానికి అన్నిటినీ పదితో భాగిద్దాం: ధర 130, ఈపీఎస్ 33. ఏడాది తిరిగి 2023 మార్చి ఆఖరుకి ధర 104 దగ్గరికి దిగింది. లాభం సుమారు 8,100 కోట్లకి, ఈపీఎస్ 7 రూపాయల చిల్లరకి పడిపోయింది. ధర తగ్గినా పీఈ మాత్రం నాలుగు నుంచి దాదాపు పదిహేనుకి పెరిగింది. ఆ తర్వాతి ఏడాది, 2023-24లో, కంపెనీ సుమారు 4,900 కోట్ల నష్టం చూపించింది. నష్టం వస్తే పీఈ అనేదే ఉండదు, యాప్‌లో ఆ గడిలో గీతో, మైనస్ అంకో కనిపిస్తుంది. కానీ 2024 మార్చి ఆఖరున షేరు ధర ఎంతో తెలుసా? 155 దాటింది.

అంటే పీఈ నాలుగులో "చవక" అని కొన్నవాళ్ళు ఏడాదికి, డివిడెండ్ కలుపుకున్నా, నష్టంలో ఉన్నారు. పీఈ పదిహేనులో "సూత్రం ప్రకారం వద్దు" అని వదిలేసినవాళ్ళు మరుసటి ఏడాదిలో దాదాపు యాభై శాతం పెరుగుదల పోగొట్టుకున్నారు. సూత్రం పని చేయకపోవడమే కాదు, సరిగ్గా తలకిందులుగా పని చేసింది.

ఎందుకిలా జరిగిందో అర్థమైతే పీఈ గురించి సగం తెలిసినట్టే. ధరని మార్కెట్ రోజూ మారుస్తుంటుంది, దాన్ని అందరూ అనుమానంగానే చూస్తారు. కింద ఉన్న లాభాన్ని మాత్రం రాయి మీద చెక్కిన అంకెలా నమ్మేస్తారు. అసలు గొడవంతా ఆ లాభంతోనే. అది గడిచిపోయిన పన్నెండు నెలల లాభం. మీరు కొనేది రాబోయే సంవత్సరాల లాభాన్ని.

స్టీల్‌లో లాభం ఎలా ఊగుతుందో చిన్న లెక్కతో చూడండి. ఇవి నేను సులువు కోసం వేసుకున్న అంకెలు. ఒక టన్ను స్టీలు తయారు చేయడానికి 50,000 ఖర్చవుతుంది, 55,000కి అమ్ముడవుతోంది అనుకోండి. మిగిలేది 5,000. మార్కెట్లో ధర 70,000కి ఎక్కి, ఖర్చు పెద్దగా మారలేదనుకోండి. మిగిలేది 20,000. సరుకు ధర పెరిగింది 27 శాతమే, లాభం మాత్రం నాలుగింతలైంది. అదే ధర 48,000కి దిగితే టన్నుకి 2,000 చేతి నుంచి పడుతుంది. ఫర్నేసుని ఇష్టం వచ్చినప్పుడు ఆపి, ఇష్టం వచ్చినప్పుడు వెలిగించే వీలుండదు, అందుకని నష్టానికైనా ఉత్పత్తి సాగుతూనే ఉంటుంది.

కోవిడ్ తర్వాత 2021లో ప్రపంచమంతా ఒకేసారి డిమాండ్ లేచింది, స్టీలు ధరలు ఎగిరాయి. టాటా స్టీల్‌కి సొంత ఇనుప ఖనిజం గనులున్నాయి కాబట్టి ఆ పెరుగుదలలో పెద్ద వాటా నేరుగా లాభంలోకి వచ్చింది. తర్వాత ధరలు చల్లబడ్డాయి, బొగ్గు ఖరీదు పెరిగింది. 2022 మే నెలలో కేంద్రం చాలా రకాల స్టీలు ఎగుమతుల మీద 15 శాతం సుంకం వేసి, నవంబరులో ఎత్తేసింది. ఆ సుంకం సంగతి మార్చిలో ఎవరూ ఊహించి ఉండరు. కానీ అలాంటి లాభం ఏటా రాదని మార్కెట్లో ఉన్నవాళ్ళకి తెలుసు. అందుకే 332 రూపాయల ఈపీఎస్‌కి నాలుగు రెట్లకి మించి ఇవ్వలేదు.

మామిడి తోట కొనేటప్పుడు మన పెద్దలు ఏం చేస్తారు? విరగకాసిన ఏడాది రాబడి చూపించి "నాలుగేళ్ళలో నీ డబ్బు నీకొచ్చేస్తుంది" అని అమ్మేవాడు చెబితే, ముందటి మూడు కాపులు ఎంత పలికాయో అడుగుతారు. ఇక్కడ కూడా అదే అడగాలి.

అడుగుదాం. అంతకు ముందు మూడేళ్ళలో టాటా స్టీల్ నికర లాభాలు సుమారుగా 9,100 కోట్లు, 1,200 కోట్లు, 8,200 కోట్లు. సగటు 6,200 కోట్ల దాకా వస్తుంది. 2022 మార్చిలో మొత్తం కంపెనీ మార్కెట్ విలువ, అంటే షేరు ధర ఇంటూ మొత్తం షేర్లు, దాదాపు 1,60,000 కోట్లు. దాన్ని ఆ సగటుతో భాగిస్తే పీఈ 26. మంచి ఏడాదిని కూడా కలిపి నాలుగేళ్ళ సగటు తీస్తే లాభం 15,000 కోట్లు, పీఈ పది, పదకొండు మధ్య. ఇప్పుడు చెప్పండి, ఆ షేరు పీఈ నాలుగా, పదకొండా, ఇరవై ఆరా? మూడూ సరైన భాగహారాలే. మొదటిది నిజం కావాలంటే విరగకాసిన ఏడాది ఎప్పటికీ అలాగే ఉండాలి. నన్నడిగితే ఇలాంటి కంపెనీకి నాలుగైదేళ్ళ సగటు లాభమే ఎక్కువ నమ్మదగింది. అదీ ఉజ్జాయింపే, ఎందుకంటే ఈ మధ్యలో కంపెనీ కొత్త ప్లాంట్లు కట్టి ఉండొచ్చు, అప్పులు తీర్చి ఉండొచ్చు.

ఏ కంపెనీలు ఈ జాతివో గుర్తుపట్టడం కష్టం కాదు. తాము అమ్మే సరుకు ధర తమ చేతిలో లేని కంపెనీలన్నీ ఇలాంటివే: స్టీలు, అల్యూమినియం, పంచదార, ఓడల రవాణా, చమురు శుద్ధి, చాలా రకాల కెమికల్స్. అనుమానం ఉంటే గత పదేళ్ళ ఆపరేటింగ్ మార్జిన్, అంటే అమ్మకాల్లో వ్యాపారం ఖర్చులు పోగా మిగిలే శాతం, చూడండి. ఒక ఏడాది 8 శాతం, ఇంకో ఏడాది 28 శాతం అని ఎక్కుతూ దిగుతూ ఉంటే అది చక్రం మీద తిరిగే వ్యాపారం. వీటిలో పీఈ బాగా తక్కువగా కనిపించేది సాధారణంగా లాభాలు శిఖరం మీద ఉన్నప్పుడే. పీఈ భయంకరంగా కనిపించేది, లేదా అసలు కనిపించనిది, గుంటలో ఉన్నప్పుడు. అలాగని గుంటలో ఉన్న ప్రతిదీ లేస్తుందని కాదు. అప్పులు తీర్చలేక అక్కడే ఆగిపోయినవీ ఉన్నాయి, కాబట్టి గుంటలో కొనాలనుకునేవాళ్ళు ముందు చూడాల్సింది అప్పు.

లాభం అనే అంకె గురించి ఇంకో సంగతి. ఒకే కంపెనీ, ఒకే సంవత్సరానికి, రెండు లాభాలు ప్రకటిస్తుంది. ఒకటి స్టాండలోన్, అంటే ఆ ఒక్క కంపెనీ లెక్క. రెండోది కన్సాలిడేటెడ్, అంటే దాని కింద ఉన్న పిల్ల కంపెనీలన్నీ కలిపిన లెక్క. ఇందాక చెప్పిన 2023-24లో టాటా స్టీల్ కన్సాలిడేటెడ్ లెక్కలో సుమారు 4,900 కోట్ల నష్టం కదా, అదే ఏడాది స్టాండలోన్ లెక్కలో సుమారు 4,800 కోట్ల లాభం ఉంది. తేడాకి పెద్ద కారణం విదేశీ వ్యాపారం, ముఖ్యంగా బ్రిటన్‌లోని పోర్ట్ టాల్బట్ ప్లాంటులో పాత బ్లాస్ట్ ఫర్నేసులు మూసేసే ఖర్చులు. ఒక వెబ్‌సైట్ స్టాండలోన్ తీసుకుని పీఈ చూపిస్తే, ఇంకోటి కన్సాలిడేటెడ్ తీసుకుని పీఈ లేదంటుంది. రెండూ తప్పు లెక్క వేయలేదు.

ఇది కొత్తవాళ్ళ తికమక మాత్రమే అనుకోకండి. ఎన్‌ఎస్‌ఈ కూడా నిఫ్టీ పీఈని చాలా ఏళ్ళు స్టాండలోన్ లాభాలతోనే లెక్కించి, 2021 మార్చి ఆఖరు నుంచి కన్సాలిడేటెడ్‌కి మారింది. ఆ మార్పుతో నిఫ్టీ పీఈ 40 చుట్టుపక్కల నుంచి 33కి ఒక్కసారిగా దిగింది. మార్కెట్ పడలేదు, కంపెనీల లాభాలు రాత్రికి రాత్రి పెరగలేదు, కింద వేసిన అంకె మారింది. ఇప్పటికీ "నిఫ్టీ సగటు పీఈ ఇరవై ఏళ్ళుగా ఇంత" అని ఆ రెండు కాలాల్నీ కలిపేసి గ్రాఫులు పంచుకుంటుంటారు. అవి చూసి టెన్షన్ పడకండి.

మీరు వాడాల్సింది కన్సాలిడేటెడ్. షేరు కొన్నవాళ్ళకి పిల్ల కంపెనీల లాభంలోనూ నష్టంలోనూ వాటా ఉంటుంది. పీఈ పక్కన టీటీఎం అని ఉంటే గడిచిన నాలుగు క్వార్టర్ల లాభం తీసుకున్నారని అర్థం, మామూలుగా అదే మంచిది. ఫార్వర్డ్ పీఈ అని ఉంటే వచ్చే ఏడాది లాభం ఇంత ఉండొచ్చని ఎవరో వేసిన అంచనా. ఆ అంచనాలు ఎంత తరచుగా తప్పుతాయో తెలిశాక నేను వాటిని పక్కకి పెట్టేశాను.

ఇక ఒకసారే వచ్చే లాభాలు. 2025 జనవరిలో ఐటీసీ తన హోటళ్ళ వ్యాపారాన్ని విడదీసి వేరే కంపెనీ చేసింది. ఆ విడదీతకి సంబంధించి లెక్కల్లో సుమారు 15,000 కోట్ల లాభం ఆ ఏడాది ఖాతాలో పడింది. ఖాతాలో అన్నాను గమనించండి, అంత డబ్బు వచ్చి బ్యాంకులో చేరలేదు, విలువ కట్టే అకౌంటింగ్ పద్ధతి వల్ల కనిపించిన లాభం అది. దాంతో 2024-25 కన్సాలిడేటెడ్ నికర లాభం 35,000 కోట్ల దాకా కనిపించింది. సిగరెట్లు, ఆశీర్వాద్ పిండి, పేపరు అమ్మి సంపాదించింది అందులో 20,000 కోట్లు. ఐటీసీ మొత్తం షేర్ల సంఖ్య సుమారు 1,250 కోట్లు. మొత్తం లాభంతో ఈపీఎస్ 28, అసలు వ్యాపారంతో 16. షేరు ధర 420 అనుకుంటే మొదటి లెక్కలో పీఈ 15, రెండో లెక్కలో 26. మొదటి అంకె చూసి "ఐటీసీ ఇంత చవకా!" అని ఆశ్చర్యపోయినవాళ్ళు మరుసటి ఏడాది అదే అంకె 26కి ఎగబాకితే మళ్ళీ ఆశ్చర్యపోతారు, ఈలోగా కంపెనీలో ఏమీ మారకపోయినా.

దీన్ని పట్టుకోవడం సులువే. ఎన్‌ఎస్‌ఈ లేదా బీఎస్‌ఈ సైటులో కంపెనీ పేరు కొట్టి ఫలితాల పీడీఎఫ్ తెరవండి. అందులో లాభనష్టాల పట్టికలో పై నుంచి కిందికి రండి. అమ్మకాలు, ఖర్చులు అయ్యాక, పన్నుకి కాస్త ముందు, ఎక్సెప్షనల్ ఐటమ్స్ అని ఒక వరస ఉంటుంది. పన్ను తర్వాత ఒక్కోసారి డిస్‌కంటిన్యూడ్ ఆపరేషన్స్, అంటే కంపెనీ వదిలేసిన వ్యాపారాల లెక్క, అని ఇంకో వరస ఉంటుంది. ఐటీసీ హోటళ్ళ లాభం కనిపించింది ఈ రెండో దాంట్లోనే. ఆ రెండు వరసల్లో పెద్ద అంకె ఏదీ లేకపోతే యాప్ చూపించే పీఈని చాలావరకు నమ్మొచ్చు. పెద్ద అంకె ఉంటే, కింద నంబరు వేసి ఉన్న నోట్స్‌లో అదేంటో రాస్తారు, చదివి తీసేయండి. స్థలం అమ్మిన డబ్బు, పిల్ల కంపెనీలో వాటా అమ్మకం ఇలాంటివి లాభాన్ని ఉబ్బిస్తాయి. జరిమానాలు, ప్లాంటు మూసివేత లాంటివి తగ్గిస్తాయి. రెండో రకం తీసేస్తే ఖరీదుగా కనిపించిన షేరు మామూలుగా కనిపించొచ్చు కూడా.

మీ సీనియర్ గారి సూత్రంలో రెండో సగానికి వద్దాం, నలభై దాటినవి ముట్టుకోవద్దు అన్నదానికి. ఈ సగంలో కొంత నిజముంది, కానీ ఆయన ఉద్దేశం నాకు తెలిసిన కారణమేనా అన్నది వేరే మాట.

పీఈని తిరగేసి చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. పీఈ 20 అంటే 100 రూపాయల షేరు వెనక ఏడాదికి 5 రూపాయల లాభం ఉంది. పీఈ 50 అంటే 2 రూపాయలు. బ్యాంకు ఎఫ్‌డీలో ఆరేడు శాతం వస్తున్నప్పుడు రెండు శాతానికి ఒప్పుకుంటున్నారంటే, ఆ రెండు రూపాయలు ఏటేటా బాగా పెరుగుతాయని లెక్క వేసుకున్నారన్నమాట. పెరిగితే ఇచ్చిన ధర నిలబడుతుంది. అనుకున్నంత పెరగకపోతే కంపెనీ లాభాల్లో ఉన్నా సరే, షేరు ఎదగదు.

హిందుస్తాన్ యూనిలీవర్ చూడండి, మీరన్న సబ్బులు షాంపూల కంపెనీ అదే కావచ్చు. 2020 మార్చి ఆఖరున ధర 2,300 దగ్గర, ఏడాది ఈపీఎస్ 31 రూపాయలు. పీఈ 74. అయిదేళ్ళ తర్వాత, 2025 మార్చి ఆఖరున, ఈపీఎస్ 45కి పెరిగింది. దాదాపు నలభై అయిదు శాతం ఎదుగుదల, కంపెనీలో చెప్పుకోదగ్గ చెడు ఏమీ జరగలేదు, సర్ఫ్ ఎక్సెల్ అమ్మకాలు ఆగలేదు. షేరు ధర మాత్రం 2,260. అయిదేళ్ళు పట్టుకున్నవాళ్ళకి మిగిలింది డివిడెండ్లే. పెరిగిన లాభమంతా పీఈ 74 నుంచి 50కి దిగడంలో కరిగిపోయింది. కంపెనీ మంచిదే, ఇచ్చిన రేటు ఎక్కువ. మొదటి కొనుగోలుకి అందరూ సలహా ఇచ్చే "ఇంట్లో వాడే బ్రాండ్ల కంపెనీ కొను" అన్న మాటలో ఈ ముక్క ఉండదు.

అలాగని పీఈ 50 ఉన్నవన్నీ ఇలాగే అవుతాయని సూత్రం చేయకండి. లాభం ఏటా ఇరవై అయిదు శాతం చొప్పున పెరిగే కంపెనీకి ఇవాళ్టి 50 పీఈ, ధర మారకపోతే, మూడేళ్ళకి 26 దగ్గరికి వస్తుంది. పది శాతం చొప్పున పెరిగేదానికి మూడేళ్ళయినా 37 పైనే ఉంటుంది. అందుకని ఎక్కువ పీఈ కనిపిస్తే వేయాల్సిన ప్రశ్న ఒకటే: గత అయిదేళ్ళలో ఈపీఎస్ ఏడాదికి సగటున ఎంత పెరిగింది, ఇకముందు అంతకంటే వేగంగా పెరగడానికి కనిపించే కారణం ఏమైనా ఉందా? ఈపీఎస్ అన్నాను, మొత్తం లాభం అనలేదు. కంపెనీ కొత్త షేర్లు జారీ చేస్తూ పోతే మొత్తం లాభం పెరుగుతుంది, మీ షేరు వంతు పెరగదు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ కంపెనీ చెప్పిన లాభం నిజమేనన్న నమ్మకం మీద నడిచాయి. మన హైదరాబాద్‌లోనే ఆ నమ్మకం ఎలా కూలిందో తెలిసిందే. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు తన లేఖలో ఒక్క క్వార్టరు లెక్కలు బయటపెట్టారు. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకి కంపెనీ చూపించిన ఆపరేటింగ్ లాభం 649 కోట్లు. అసలు వచ్చింది 61 కోట్లు. చూపించిన మార్జిన్ 24 శాతం, నిజంగా ఉన్నది 3 శాతం. పది రెట్లు ఉబ్బించిన లాభం మీద వేసిన పీఈకి అర్థమేముంటుంది? ముందురోజు 179 దగ్గర ఉన్న షేరు ఆ ఒక్కరోజులో 40కి పడింది.

దీనికి పూర్తి విరుగుడు బయట కూర్చున్న మన దగ్గర లేదు, అది ముందే ఒప్పుకోవాలి. ఒక జల్లెడ మాత్రం ఉంది. గత అయిదేళ్ళ నికర లాభం మొత్తం ఒకపక్క, అదే అయిదేళ్ళ ఆపరేటింగ్ క్యాష్ ఫ్లో, అంటే వ్యాపారం నుంచి నిజంగా చేతికొచ్చిన డబ్బు, మొత్తం ఇంకోపక్క కూడండి. రెండూ దగ్గర దగ్గరగా ఉంటే, లేదా క్యాష్ ఎక్కువగా ఉంటే, కాగితం మీద లాభం డబ్బుగా మారుతోందని అర్థం. లాభం 1,000 కోట్లు, చేతికొచ్చింది 300 కోట్లు అయితే, మిగతా 700 ఎక్కడుందో తెలిసేదాకా ఆ పీఈని నమ్మొద్దు. ఎక్కువసార్లు అది వసూలు కాని బాకీల్లోనో, అమ్ముడుపోని సరుకులోనో ఉంటుంది. సత్యంలో బ్యాంకు బ్యాలెన్సే దొంగది, కాబట్టి ఈ జల్లెడ అక్కడ పట్టి ఉండేది కాదేమో. కానీ ఉబ్బించిన లాభాల్లో ఎక్కువ భాగం అంత పకడ్బందీగా జరగవు, మామూలు బాకీల రూపంలోనే బయటపడతాయి. బ్యాంకులకీ, ఫైనాన్స్ కంపెనీలకీ మాత్రం ఇది వాడకండి, అప్పులివ్వడమే వాటి వ్యాపారం కాబట్టి క్యాష్ ఫ్లో లెక్క అక్కడ వేరేగా ఉంటుంది.

మీ యాభై వేల సంగతి. పీఈని కొనడానికి కారణంగా కాకుండా, ప్రశ్నలు పుట్టించే అంకెగా వాడండి. అది చాలా మంచి పనిముట్టు అవుతుంది. మీకు నచ్చిన కంపెనీ ఒకటి తీసుకుని ఒక కాగితం మీద గత అయిదేళ్ళ కన్సాలిడేటెడ్ లాభాలు వరసగా రాయండి. ఒకసారే వచ్చినవి కొట్టేయండి. వరస నిలకడగా పెరుగుతూ ఉంటే ఆఖరి ఏడాది అంకెతో పీఈ కట్టండి. ఎగుడుదిగుడుగా ఉంటే సగటుతో కట్టండి. యాప్ చూపించేదానికీ మీ అంకెకీ పెద్ద తేడా వస్తే, ఎందుకొచ్చిందో తెలిసేదాకా కొనొద్దు. చాలాసార్లు ఆ తేడాలోనే ఆ కంపెనీ కథంతా ఉంటుంది. ఆ తర్వాత అదే వ్యాపారంలో ఉన్న మరో ఇద్దరు ముగ్గురితో పోల్చండి. స్టీలుని సబ్బుతో పోల్చి ఇది ఆరు, అది యాభై ఎనిమిది అనుకోవడంలో అర్థం లేదు. ఒకే వ్యాపారంలో ఒకరిది 14, ఇంకొకరిది 28 అయితే అక్కడ అడగాల్సింది చాలా ఉంది: అప్పు ఎవరికి ఎక్కువ, మార్జిన్ ఎవరిది నిలకడ, ప్రమోటర్లు షేర్లు తాకట్టు పెట్టారా అని. తక్కువ పీఈకి కారణం వీటిలో ఒకటిగా తేలడం మామూలే.

పోల్చేటప్పుడు అప్పుని తప్పనిసరిగా చూడమనడానికి కారణం ఉంది. పీఈలో అప్పు కనిపించదు. రెండు కంపెనీలకీ లాభం 100 కోట్లు, మార్కెట్ విలువ 1,000 కోట్లు అనుకోండి, రెండిటికీ పీఈ 10. ఒకదానికి అప్పు లేదు. రెండోది 2,000 కోట్ల అప్పుకి వడ్డీ కట్టగా ఆ 100 కోట్లు మిగిలాయి. వడ్డీ రేటు రెండు శాతం పెరిగితే 40 కోట్లు అక్కడే పోతాయి. మొదటిదానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. పీఈ గడిలో మాత్రం ఇవాళ రెండూ కవల పిల్లలే.

ఇంకో చిన్న జాగ్రత్త. బోనస్ షేర్లో, షేరు విభజనో జరిగిన వారం పది రోజుల్లో కొన్ని సైట్లు ధరని కొత్తదిగా, ఈపీఎస్‌ని పాతదిగా ఉంచేస్తాయి. పది షేర్లుగా విడిపోయిన కంపెనీకి పీఈ అకస్మాత్తుగా పదో వంతు కనిపిస్తే సంబరపడకండి, షేర్ల సంఖ్య చూసి మీరే భాగించుకోండి. ఫలితాలు వచ్చిన రోజు కూడా అంతే, కొత్త క్వార్టరు కలిసి పాత క్వార్టరు పోవడానికి యాప్‌లో ఒక్కోసారి కొన్ని రోజులు పడుతుంది. ఫలితాలు వచ్చే వారంలో కొనేదుంటే, ఆ పీడీఎఫ్ చదివాకే ఆర్డర్ పెట్టండి.